రీగల్ లెక్క 2:01 అంది, హాఫ్ 2:09 పట్టింది: తప్పు ఎక్కడ జరిగింది?

10కె రేసు టైమ్‌ను బట్టి హాఫ్ మారథాన్ టైమ్ అంచనా వేయడానికి ఎక్కువమంది వాడేది రీగల్ సూత్రమే. పీటర్ రీగల్ అనే అమెరికన్ ఇంజనీర్ దీన్ని 1977లో రన్నర్స్ వరల్డ్ పత్రికలో రాశాడు. సూత్రం ఇంతే:

```
T2 = T1 × (D2 / D1)^1.06
```

T1 అంటే 10కె టైమ్, T2 అంటే అంచనా వేసే హాఫ్ టైమ్. D1 10 కిలోమీటర్లు, D2 21.0975 కిలోమీటర్లు. దూరాలు రెండూ మారవు కాబట్టి లెక్క చివరికి ఒక్క గుణకారానికి దిగుతుంది: 10కె టైమ్‌ను 2.2064తో గుణించడమే. 55 నిమిషాల్లో 10కె పరిగెత్తినవాళ్లకు 121.35 నిమిషాలు, అంటే 2:01:21 వస్తుంది.

మా రన్నింగ్ గ్రూపులో ఎవరికి అంచనా తప్పినా ముందు సూత్రాన్నే తిడతారు. నేను చూసినంతలో తప్పు సూత్రంలో కన్నా, దానికి ఇచ్చిన అంకెలోనో, ఆ 1.06 వెనకున్న ఊహలోనో ఉంటుంది. ఏది ఎక్కడ తప్పిందో లక్షణాన్ని బట్టి పట్టుకోవచ్చు.

లక్షణం: అంచనా నమ్మలేనంత బాగా వచ్చింది

ఇది దాదాపు ఎప్పుడూ ఎక్సెల్ తప్పే. 55 నిమిషాలకు 1:41 వచ్చిందంటే బ్రాకెట్లు మరిచిపోయారు. `=55*21.0975/10^1.06` అని కొడితే ఎక్సెల్ ముందు 10కి ఘాతం వేసి, దానితో భాగిస్తుంది. 1:21 వచ్చిందా? అయితే సెల్‌లో `55:00` అని కొట్టారు. దాన్ని ఎక్సెల్ 55 గంటలుగా చదివింది. జవాబు 121 గంటల 21 నిమిషాలు. అందులో ఐదు రోజులు మింగేసి, మిగిలిన 1:21 చూపించింది. మా గ్రూపులో ఒకాయన ఆ 1:21 స్క్రీన్‌షాట్ పెట్టి రెండు రోజులు హీరో అయిపోయాడు.

సరిగ్గా రావాలంటే A2 సెల్‌లో `0:55:00` అని గంటలతో సహా కొట్టండి. ఫార్ములా ఇలా ఉండాలి:

```
=A2*(21.0975/10)^1.06
```

జవాబు సెల్‌కు `[h]:mm:ss` ఫార్మాట్ పెట్టండి. ఇక ఎక్కడైనా, ఏ కాలిక్యులేటర్‌లోనైనా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. అంచనా వేసిన హాఫ్ పేస్, 10కె పేస్ కన్నా సుమారు 4.6 శాతం నెమ్మదిగా ఉండాలి. 10కెలో కిలోమీటరుకు 5:30 పడితే హాఫ్‌లో 5:45 పడాలి. హాఫ్ పేస్ 10కె కన్నా వేగంగా వస్తే ఫార్ములా తప్పు, అంతే.

లక్షణం: మొదటి కిలోమీటర్ నుంచే అంచనా పేస్ అందలేదు

ఇక్కడ అనుమానించాల్సింది ఆ 10కెనే. మన దగ్గర అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, కాలేజీలు పెట్టే పరుగుల్లో దూరాన్ని చాలాసార్లు బైక్ మీటర్‌తోనే కొలుస్తారు. మీ వాచ్ 9.7 చూపించి, పక్కన పరిగెత్తిన నలుగురి వాచీల్లోనూ అలాగే ఉంటే, ఆ కోర్సు నిజంగానే తక్కువ. జీపీఎస్ బిల్డింగుల మధ్య మామూలుగా కాస్త ఎక్కువే కొలుస్తుంది కాబట్టి, అందరికీ తక్కువ రావడం అరుదు.

అలాంటప్పుడు D1 దగ్గర 10 బదులు 9.7 వేయండి. అదే 55 నిమిషాలకు అంచనా 2:01:21 నుంచి దాదాపు 2:05:20కి జారుతుంది. మూడు వందల మీటర్లకు నాలుగు నిమిషాలు! రేసు మొదలైన క్షణం నుంచి లెక్కించే గన్ టైమ్ కాకుండా, మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి లెక్కించే చిప్ టైమ్ వాడడం, మూడు నెలల కిందటి రేసు కాకుండా ఈమధ్యది వాడడం గురించి మీకు తెలిసే ఉంటుంది.

దీనికి పూర్తిగా తిరగబడిన లక్షణం కూడా ఉంది: అంచనా కన్నా హాఫ్ చాలా ముందే ముగిసిపోవడం. 10కె 58:00, హాఫ్ 1:58:00 అనుకుందాం. 10కె పేస్ 5:48, హాఫ్ పేస్ 5:36. అంటే ఆ 10కెలో ఆయన రేసు పరిగెత్తలేదు, ఫ్రెండ్‌తో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లాడు. ప్రాణం పెట్టి పరిగెత్తని 10కె ఈ లెక్కకు పనికిరాదు.

లక్షణం: పేస్ సరిగ్గా పట్టాను, అయినా రెండు నిమిషాలు ఆలస్యం

వాచ్‌లో సగటు 5:45 ఉంది, కానీ ఫినిష్ 2:03. వాచ్‌లో మొత్తం దూరం చూడండి, 21.4 ఉంటుంది. మలుపుల్లో బయటి వైపు పరిగెత్తడం, మనుషుల్ని తప్పించుకుంటూ పక్కకు జరగడం, దానికి తోడు జీపీఎస్ తేడా, అన్నీ కలిసి మూడు వందల మీటర్లు. 21.4 కిలోమీటర్లను 5:45తో గుణిస్తే 2:03:03. ఇక్కడ అంచనాలో తప్పేమీ లేదు. లక్ష్య సమయాన్ని 21.0975తో కాకుండా 21.4తో భాగించి ఆ పేస్ పట్టాలి. 2:01:21 కావాలంటే వాచ్‌లో 5:40 కనిపించాలి.

లక్షణం: 10 కిలోమీటర్ల దాకా సరిగ్గా వెళ్లాను, ఆ తర్వాత కూలబడ్డాను

అసలు కథ ఇదే. ఎక్కువమందికి తప్పేది ఇక్కడే.

మా గ్రూపులో ఒకతని లెక్క చూడండి. 10కె కచ్చితంగా 55:00, కొలిచిన కోర్సు, మనసు పెట్టి పరిగెత్తిన రేసు. అంచనా 2:01:21, ఫినిష్ 2:09:40. "అన్నా, ఈ ఫార్ములా మనలాంటోళ్లకి కాదు" అన్నాడు. స్ప్లిట్లు పంపమన్నాను. మొదటి 5 కిలోమీటర్లు 28:40, రెండోది 28:55, మూడోది 31:20, నాలుగోది 34:00. మిగిలిన కిలోమీటరు పైచిలుకు 6:45. మొదటి పది కిలోమీటర్లు అంచనా వేసిన పేస్‌లోనే సాగాయి. అక్కడి నుంచి పేస్ 5:47 నుంచి 6:16కి, ఆపై 6:48కి పడిపోయింది.

కారణం ఆ 1.06లో ఉంది. దూరం పెరిగేకొద్దీ వేగం ఎంత తగ్గుతుందో చెప్పే ఘాతాంకం అది. 1.00 అయితే ఎంత దూరమైనా ఒకే పేస్ అని అర్థం. రీగల్ దాన్ని రికార్డు టైమ్‌ల నుంచి, అంటే ఆ దూరానికి బాగా తయారైనవాళ్ల నుంచి తీశాడు. కాబట్టి 1.06 వాడిన ప్రతిసారీ మనకు తెలియకుండానే ఒక మాట ఒప్పుకుంటున్నాం: "10కెకి ఎంత తయారయ్యానో హాఫ్‌కీ అంతే తయారయ్యాను." మా వాడు వారానికి పాతిక కిలోమీటర్లు పరిగెత్తేవాడు. అతని అతి పెద్ద లాంగ్ రన్ 12. వేగం ఉంది, దూరం లేదు.

అతని సొంత ఘాతాంకం ఎంతో రెండు రేసుల నుంచి తిరగేసి తీయవచ్చు. A2లో 10కె, B2లో హాఫ్ టైమ్ పెట్టండి:

```
=LN(B2/A2)/LN(21.0975/10)
```

అతనికి 1.149 వచ్చింది. నా అనుభవంలో 1.06 నుంచి 1.08 దాకా వస్తే లాంగ్ రన్లు బాగా చేసినట్టే. 1.10 దాటితే దూరం మీద పని ఉంది. ఒకటికి తక్కువ వస్తే పైన చెప్పిన కబుర్ల 10కె.

కానీ ఆ 1.149 మొత్తాన్నీ లాంగ్ రన్ల ఖాతాలో వేయకముందు ఎండ సంగతి చూడాలి. ఉదయం ఐదున్నరకు 10కె మొదలైతే ఎండ ఎక్కకముందే ముగుస్తుంది. హాఫ్‌లో మాత్రం చివరి ఐదు కిలోమీటర్లు ఎండలో, అదీ వైజాగ్, చెన్నై లాంటి చోట్ల ఉక్కలో పరిగెత్తాలి. అప్పుడు కూడా స్ప్లిట్లు చివర్లోనే పడిపోతాయి. తేడా గుండె వేగంలో తెలుస్తుంది. పేస్ తగ్గుతున్నా గుండె వేగం పెరుగుతూనే ఉంటే సాధారణంగా అది వేడి. కాళ్లు బండల్లా అయిపోయి, గుండె వేగం కూడా పేస్‌తో పాటు కిందికి దిగితే అది కాళ్లకు దూరం అలవాటు లేకపోవడం. మా వాడి గ్రాఫ్‌లో 14వ కిలోమీటర్ తర్వాత గుండె వేగం మెల్లగా దిగుతూ వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టి కూడా ఉంది. కాబట్టి అనుమానం లేదు. ఫ్లైఓవర్లు మాత్రం వేరే సంగతి. హైదరాబాద్ మారథాన్ లాంటి ఎత్తుపల్లాల దారికి చదునైన ట్యాంక్‌బండ్ 10కెతో లెక్కేస్తే, ఏ ఘాతాంకం వాడినా తేడా వస్తుంది. 10కె కూడా అలాంటి దారిలోనే పరిగెత్తి అంచనా వేయడం మంచిది.

పరిష్కారం రెండు ముక్కలు. మొదటిది శిక్షణ: పది వారాల పాటు ఆదివారం లాంగ్ రన్‌ను 12 నుంచి మెల్లగా 18కి తీసుకెళ్లాడు. అది కూడా కబుర్లు చెప్పుకోగలిగే పేస్‌లో. రెండోది లెక్క: అంచనాలో 1.06 బదులు అతని సొంత అంకె. ఇక్కడ కాస్త తూకం చూసుకోవాలి. పది వారాల పని చేశాక పాత 1.149నే వాడితే భయపడ్డట్టు, 1.06 వాడితే ఆశపడ్డట్టు. నేను మధ్యలో 1.10 పట్టమన్నాను.

ఈలోగా అతని 10కె 54:20కి వచ్చింది. ఆశపెట్టే అంకె అది. 1.06తో 1:59:53, అంటే రెండు గంటల లోపే! పాత అంకెతో 2:08:06, 1.10తో 2:03:31. రేసు ముందు రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, రెండు గంటల పేసర్ వెనక నిలబడనా?" వద్దన్నాను. 5:51 పేస్ పట్టుకో, 15 దాటాక బాగుంటే అప్పుడు చూద్దువుగాని అన్నాను.

స్ప్లిట్లు 29:20, 29:15, 29:25, 29:50. చివరి ముక్క 6:15. మొత్తం 2:04:05. ఈ కొత్త జంటతో ఘాతాంకం తిరగేస్తే 1.106. వచ్చే రేసుకు మొదలుపెట్టేది ఆ అంకెతోనే.