సోలార్ కరెంటు బిల్లులో నెట్ మీటరింగ్ సరిచూసుకోవడం, తప్పుంటే దరఖాస్తు చేయడం

కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది దరఖాస్తు దగ్గర కాదు, నెట్ మీటరు బిగించాక వచ్చే మొదటి బిల్లు దగ్గర. ప్యానెళ్లు పనిచేస్తూనే ఉంటాయి, బిల్లు మాత్రం తగ్గదు. అప్పుడే ఎవరో వచ్చి "ఆఫీసులో మాట్లాడి సరిచేయిస్తాను" అని డబ్బులడుగుతారు. ఇవ్వకండి. రీడింగు తప్పును సరిచేయించుకోవడానికి మధ్యలో మనిషి అక్కర్లేదు, తప్పు ఎక్కడుందో మీరే పట్టుకోవచ్చు.

ముందు మీటరు చూడండి. నెట్ మీటరులో రెండు వేర్వేరు లెక్కలు నడుస్తాయి. లైను నుంచి మీరు తీసుకున్నది ఇంపోర్టు, మీరు లైనుకు పంపింది ఎక్స్‌పోర్టు. బటన్ నొక్కుతూ పోతే తెర మీద రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చాలా మీటర్లలో Imp, Exp అని ఉంటుంది. పక్కన kWh అని ఉన్న అంకెనే తీసుకోండి, kVAh అన్నది వేరు. బిల్లు తీసే రోజు రెండింటికీ ఫోటో తీసి పెట్టుకోండి.

ఇన్వర్టరు యాప్‌లో కనిపించే యూనిట్లను బిల్లులో వెతకవద్దు. యాప్ చూపేది మొత్తం ఉత్పత్తి. అందులో పగలు ఇంట్లో వాడుకున్నది మీటరు దాకా రాదు, మిగిలిందే ఎక్స్‌పోర్టు అవుతుంది. యాప్‌లో 360 ఉండి బిల్లులో ఎక్స్‌పోర్టు 250 ఉంటే మిగతా 110 మీ ఇంట్లోనే ఖర్చయ్యాయి. ఎవరూ కాజేయలేదు, కంగారు పడకండి.

ఇప్పుడు లెక్క. 3 కిలోవాట్ల ఇంటికి ఇంపోర్టు పాత రీడింగు 1840, కొత్తది 2130 అనుకుందాం. తేడా 290. ఎక్స్‌పోర్టు 1515 నుంచి 1765కి వచ్చింది, తేడా 250. 290లో 250 తీసేస్తే మిగిలేది 40. శ్లాబు రేట్లు ఈ 40కే పడాలి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున 57 రూపాయలు, తర్వాతి 10కి 3 చొప్పున 30, మొత్తం 87 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, ఇతర చార్జీలు దీనికి అదనం. ఫిక్స్‌డ్ చార్జీ లోడు మీద వేసేది కాబట్టి నెట్ సున్నా అయినా పోదు. అదే 250 తీసేయకుండా 290కి శ్లాబులు వేస్తే ఒక్క ఎనర్జీ చార్జీయే 1585.75 అవుతుంది. పై శ్లాబుల్లో యూనిట్ 6 రూపాయలు, 8.75 కావడమే ఇంత తేడాకు కారణం. అందుకే ముందు యూనిట్లు తీసేసి ఆ తర్వాతే రేటు కట్టాలి. ఎక్స్‌పోర్టు ఎక్కువైన నెలలో మిగిలిన యూనిట్లు వచ్చే నెల బిల్లులో జమగా కనపడ్డాయో లేదో కూడా చూడండి.

బిల్లులో ఎక్స్‌పోర్టు గడి ఖాళీగానో సున్నాగానో ఉండి, మీటరు తెర మీద మాత్రం అంకె పెరుగుతూ ఉంటే, మీటరు మార్చిన సంగతి బిల్లింగులో ఎక్కలేదని అర్థం. ఎక్కువమందికి జరిగేది ఇదే. అందుకే అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం మీటరు మార్పిడి రిపోర్టు. పాత మీటరు చివరి రీడింగు, కొత్త మీటరు నంబరు, కొత్తదాని ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు తొలి రీడింగులు అందులో ఉంటాయి. మీటరు బిగించిన రోజే దాని నకలు అడిగి తీసుకోండి, తర్వాత వెతుక్కోవడం కష్టం. నకలు లేకపోతే కనీసం పాత, కొత్త మీటర్ల తెరలకు ఫోటోలన్నా ఉండాలి.

ఇంకొకటి. నెట్ మీటరు రాకముందే సోలార్ ఆన్ చేయించవద్దు. పాత ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావరకు బయటికి పోయిన కరెంటును కూడా వాడినట్టే లెక్కేస్తాయి. వెండరు తొందరపెట్టినా ఆగండి.

వైరింగు మీద అనుమానముంటే మంచి ఎండలో ఫ్యాన్లు, మోటారు అన్నీ ఆపి చూడండి, ఎక్స్‌పోర్టు అంకె పెరగాలి. రాత్రిపూట అదే అంకె పెరుగుతుంటే కనెక్షన్లు తిరగబడ్డాయి. ఇది బిల్లింగు తప్పు కాదు, సెక్షన్ ఆఫీసులో ఏఈకి చెప్పాల్సిన విషయం.

బిల్లు సవరణకైతే మీ ప్రాంతపు ఈఆర్‌ఓకు, అంటే బిల్లుల లెక్కలు చూసే విద్యుత్ రెవెన్యూ ఆఫీసుకు రాయండి. సర్వీసు నంబరు, ఏ నెల బిల్లు, అందులో ఏమి పడింది, ఏమి పడాలి అన్నది నాలుగు వరుసల్లో పై లెక్కలాగే చూపించండి. బిల్లు, మీటరు మార్పిడి రిపోర్టు, నెట్ మీటరింగ్ ఒప్పందం నకళ్లు, బిల్లు రోజు ఫోటోలు జతచేసి, రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మీటరునే పరీక్షించమంటే ఫీజు ఉంటుంది, దాన్ని రసీదు తీసుకునే కట్టాలి. ఈఆర్‌ఓలో కదలిక లేకపోతే ఆ స్టాంపు ప్రతి, ఫిర్యాదు నంబరు జతచేసి తిరుపతిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు పంపండి.