ఉష్ణగతిక శాస్త్రం – స్వయంగా నేర్చుకుందాం: 6వ పాఠం
ఒకే సిలిండర్, రెండు వ్యాకోచాలు: పీడనం ఎంత, ఉష్ణోగ్రత ఎంత, పని ఎంత?

కిందటి పాఠంలో మొదటి నియమాన్ని ΔU = Q − W అని రాసుకున్నాం. వాయువు చేసే పనిని ధనాత్మకంగా తీసుకున్నాం. ఈసారీ అదే గుర్తు పాటిద్దాం. కొన్ని పుస్తకాల్లో గుర్తు తిరగేసి ఉంటుంది. రెంటినీ కలిపి చదివితే లెక్క తప్పడం ఖాయం.

ఈ పాఠానికి ఒక్క లెక్క చాలు. పిస్టన్ బిగించిన సిలిండర్‌లో 1 లీటరు పొడి గాలి ఉంది. పీడనం 500 కిలోపాస్కల్‌లు. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్, అంటే విశాఖలో ఫ్యాన్ కింద ఉన్న మామూలు గది ఉష్ణోగ్రత. ఈ గాలిని 2 లీటర్లకు వ్యాకోచింపజేస్తాం. మొదట ఉష్ణోగ్రత మారకుండా (సమోష్ణోగ్రత, ఐసోథర్మల్), తర్వాత మళ్లీ మొదటి స్థితి నుంచే మొదలుపెట్టి ఉష్ణం రాకుండా పోకుండా (స్థిరోష్ణక, అడయబాటిక్). గాలి ద్విపరమాణుక వాయువు కాబట్టి దాని రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి γ = 1.4.

లెక్కకు ముందు 30ని 303 కెల్విన్‌లుగా మార్చి కాగితం పైన రాసుకోండి. కిలోపాస్కల్‌ను లీటరుతో గుణిస్తే నేరుగా జౌల్ వస్తుంది. కాబట్టి మన PV విలువ 500 జౌల్‌లు. ఈ ఒక్క సంఖ్య పాఠం చివరిదాకా పనికొస్తుంది.

సమోష్ణోగ్రత వ్యాకోచం

సిలిండర్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో ముంచి, పిస్టన్‌ను నెమ్మదిగా వదులుతున్నాం అనుకోండి. గాలి కొంచెం చల్లబడబోతే నీళ్లు వెంటనే ఉష్ణం అందిస్తాయి. ఉష్ణోగ్రత మారదు కాబట్టి PV కూడా మారదు. ఘనపరిమాణం రెట్టింపైతే పీడనం సగమై 250 కిలోపాస్కల్‌లు అవుతుంది. చేసిన పని:

W = P₁V₁ ln(V₂/V₁) = 500 × 0.693 = 346.6 జౌల్‌లు

ఇక్కడ ఉన్నది సహజ సంవర్గమానం. లాగ్ టేబుల్ చూసి 10 ఆధారంగా ఉన్న 0.301 వేసేస్తే 150 జౌల్‌లే వస్తాయి. దాన్ని 2.303తో గుణించాలి. పరీక్ష హాల్లో ఎక్కువమంది పారేసుకునే మార్కు ఇదే.

ఆదర్శ వాయువు అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి ΔU సున్నా. అంటే ఆ 346.6 జౌల్‌లూ నీళ్ల నుంచి వచ్చిన ఉష్ణమే. గాలి తన సొంత శక్తిలో ఒక్క జౌల్ కూడా ఖర్చుపెట్టలేదు.

స్థిరోష్ణక వ్యాకోచం

ఇప్పుడు సిలిండర్ చుట్టూ ఉష్ణబంధక పొర కట్టేశాం. వర్తించే సూత్రం PV^γ = స్థిరాంకం.

P₂ = 500 / 2^1.4 = 500 / 2.639 = 189.5 కిలోపాస్కల్‌లు
T₂ = 303 / 2^0.4 = 303 / 1.32 = 229.6 కెల్విన్‌లు

అంటే సుమారు మైనస్ 43 డిగ్రీల సెల్సియస్. కెల్విన్‌లోకి మార్చకుండా 30నే 1.32తో భాగిస్తే 22.7 డిగ్రీలు వస్తుంది. చూడటానికి నమ్మదగ్గ సంఖ్యే, అందుకే అది ప్రమాదం. జవాబు సబబుగా కనిపించినంత మాత్రాన టిక్కు పెట్టేయకండి.

పీడనం 250 దగ్గర ఆగకుండా 189.5కి ఎందుకు దిగింది? రెండు కారణాలు కలిశాయి. అణువులు రెట్టింపు చోటులోకి విస్తరించాయి కాబట్టి 500 కాస్తా 250 అయింది. అది సమోష్ణోగ్రతలోనూ జరిగిందే. దానికి తోడు, వెనక్కి జరుగుతున్న పిస్టన్‌ను కొట్టి తిరిగొచ్చిన ప్రతి అణువూ కాస్త వేగం పోగొట్టుకుంది. చల్లబడటమంటే అదే. దానివల్ల 250 మరో 1.32 వంతున తగ్గి 189.5 అయింది. 2^1.4 అన్నది 2ను 2^0.4తో గుణిస్తే వచ్చేదే. మొదటి ముక్క చోటుది, రెండోది చలిది. ఇలా విడదీసి చూస్తే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

పని లెక్క:

W = (P₁V₁ − P₂V₂) / (γ − 1) = (500 − 378.9) / 0.4 = 302.7 జౌల్‌లు

దీన్ని సరిచూసే దారి ఇంకొకటి ఉంది. ద్విపరమాణుక వాయువు అంతర్గత శక్తి 2.5 PV. మొదట 1250 జౌల్‌లు, చివర 947.3 జౌల్‌లు. తేడా 302.7. బయటి నుంచి ఉష్ణం రాలేదు కాబట్టి పనికి కావలసిన శక్తి అంతా గాలి సొంత నిల్వలోంచే పోయింది.

గ్రాఫ్ గీసి చూడండి

గ్రాఫ్ కాగితం మీద ఘనపరిమాణాన్ని అడ్డంగా, పీడనాన్ని నిలువుగా తీసుకోండి. 1, 1.25, 1.5, 1.75, 2 లీటర్ల దగ్గర సమోష్ణోగ్రత పీడనాలు 500, 400, 333, 286, 250. స్థిరోష్ణకానివి 500, 366, 283, 228, 189.5. ఒకే బిందువు నుంచి బయలుదేరి రెండో వక్రరేఖ మరింత నిటారుగా దిగుతుంది. ఆ బిందువు దగ్గర దాని వాలు మొదటిదానికి సరిగ్గా γ రెట్లు.

వక్రరేఖ కింది వైశాల్యమే పని. పక్కపక్క బిందువులను సరళరేఖలతో కలిపి, వచ్చిన నాలుగు ట్రెపీజియంల వైశాల్యాలను కూడండి. సుమారు 348, 306 జౌల్‌లు వస్తాయి. సూత్రం ఇచ్చినదానికంటే కాస్త ఎక్కువే, ఎందుకంటే అసలు వక్రరేఖ ఆ సరళరేఖల కిందికి వంగి ఉంటుంది. మీకు సూత్రం కంటే తక్కువ వచ్చిందంటే ఏదో ఒక బిందువు తప్పు పెట్టారన్నమాట.

చివరి పీడనాల్లో 60 కిలోపాస్కల్‌ల తేడా ఉన్నా పనిలో తేడా 44 జౌల్‌లే. మొదట్లో రెండు రేఖలూ కలిసే ఉన్నాయి, ఎడం పోనుపోను పెరిగింది, అంతే.

చివరి స్థితి ఒకటే, పని మూడు రకాలు

అసలు చిక్కు ఇక్కడుంది. స్థిరోష్ణక వ్యాకోచం 2 లీటర్ల దగ్గర ముగిశాక పిస్టన్‌ను కదలకుండా బిగించి, ఉష్ణబంధక పొర విప్పేయండి. గదిలోని వేడి లోపలికి వస్తుంది. పీడనం 189.5 నుంచి మెల్లగా పెరిగి 250 దగ్గర ఆగుతుంది. ఉష్ణోగ్రత మళ్లీ 303. అంటే సరిగ్గా సమోష్ణోగ్రత వ్యాకోచం చేరిన స్థితే. కానీ పిస్టన్ కదల్లేదు కాబట్టి కొత్తగా పనేమీ జరగలేదు. మొత్తం పని 302.7 దగ్గరే ఉండిపోయింది.

మూడో దారి స్వేచ్ఛా వ్యాకోచం. ఉష్ణబంధకం చేసిన పెట్టెలో ఒకవైపు మన గాలి 1 లీటరు, అవతల 1 లీటరు శూన్యం. మధ్య పొర చిరిగిపోయింది. నెట్టడానికి ఎదురుగా ఏమీ లేదు కాబట్టి పని సున్నా. ఉష్ణం సున్నా, కాబట్టి ΔU కూడా సున్నా. ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత చివరికి 303 కెల్విన్‌లే, పీడనం 250.

మూడు దారులూ ఒకే గమ్యానికి చేరాయి. పనులు మాత్రం 346.6, 302.7, సున్నా. చివరి స్థితి మాత్రమే చూసి పని ఎంతో చెప్పమని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఏ దారిన వచ్చిందో అడగాలి. "ఉష్ణం రాలేదు, పోలేదు" అన్న మాట కనిపించగానే PV^γ సూత్రం వాడేసే అలవాటు ఉంటే స్వేచ్ఛా వ్యాకోచం దగ్గర బోల్తా పడతారు. ఆ సూత్రానికి ఉష్ణం ఆపడం ఒక్కటే సరిపోదు. వ్యాకోచమంతటా లోపలి పీడనాన్ని బయటి పీడనం దాదాపు సమానంగా ఎదుర్కోవాలి కూడా.

మరి త్వరగా జరిగేది స్థిరోష్ణకం అంటారు, నెమ్మదిగా జరిగితేనే ఉత్క్రమణీయం, అంటే వచ్చిన దారినే వెనక్కి మళ్లించగలిగేది అంటారు, రెండూ ఎలా కుదురుతాయి? రెండు వేగాలను పోల్చేది వేర్వేరు కొలతలతో. ఉష్ణం గోడ దాటేందుకు పట్టే సమయం కంటే త్వరగా జరగాలి. కానీ పిస్టన్ వేగం, గాలిలో ధ్వని వేగం కంటే చాలా తక్కువ ఉండాలి. 30 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. పిస్టన్ సెకనుకు కొన్ని మీటర్లు కదిలినా రెండు షరతులకూ చోటుంటుంది.

బయటి పీడనాన్ని ఒక్కసారిగా 250కి దించేస్తే లెక్క మారుతుంది. అప్పుడు పని 250 × (V₂ − 1). దాన్ని అంతర్గత శక్తి తగ్గుదల 2.5 × (500 − 250 V₂)తో సమానం చేస్తే V₂ = 1.714 లీటర్లు, పని 178.6 జౌల్‌లు. అదే 250కి నెమ్మదిగా దించిన స్థిరోష్ణకంలో V₂ 1.641 లీటర్లు, పని 224.6 జౌల్‌లు. తొందరపాటు 46 జౌల్‌లను మింగేసింది. ఆ శక్తి వాయువులోనే మిగిలిపోయింది. అందుకే దాని ఉష్ణోగ్రత 248.6 దాకా దిగకుండా 259.7 కెల్విన్‌ల దగ్గర ఆగింది.

నిజమైన సిలిండర్‌లో

మన గాలి బరువు 6 గ్రాముల లోపే. దాన్ని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4 జౌల్‌లు చాలు. కిలో ఉక్కుకు అయితే దాదాపు 480 కావాలి. అందుకే లోహపు గోడ పక్కనుంటే వాయువు మైనస్ 43కు దిగదు, గోడ అడక్కుండానే వేడి ఇచ్చేస్తుంది. మీ పీడన మాపకం చివర 189.5కీ 250కీ మధ్య చూపిస్తే జరిగింది రెండూ కాదు. PVⁿ రాసి n కనుక్కోండి. ఉదాహరణకు చివరి అసలు పీడనం 215 అయితే n = ln(500/215) / ln 2 = 1.22. మాపకం సాధారణంగా గాలి పీడనాన్ని మినహాయించి చూపిస్తుంది కాబట్టి ముందు దానికి సుమారు 101 కలపడం మరిచిపోవద్దు.

తేమ ఇంకో శత్రువు. సముద్రపు గాలిని ఆరబెట్టకుండా సిలిండర్‌లో నింపితే, చల్లబడేటప్పుడు అందులోని నీటి ఆవిరి మంచుపొగగా మారి ఉష్ణం వదులుతుంది. గోలీ సోడా కొట్టగానే సీసా మెడలో కనిపించే పొగ కూడా ఇలా చల్లబడటం వల్ల వచ్చేదే.

అభ్యాసాలు

1. ఇదే 2 లీటర్లు, 250 కిలోపాస్కల్‌లు, 303 కెల్విన్‌ల గాలిని వెనక్కి 1 లీటరుకు నొక్కండి. సమోష్ణోగ్రతలో 346.6 జౌల్‌లు ఖర్చవుతాయి. స్థిరోష్ణకంలో 399 జౌల్‌లు, ఉష్ణోగ్రత 400 కెల్విన్‌ల దగ్గరకు పోతుంది. వ్యాకోచంలో తక్కువ పని ఇచ్చిన దారి సంపీడనంలో ఎక్కువ పని ఎందుకు అడుగుతోందో గ్రాఫ్ మీద చూపండి.

2. గాలి బదులు ఆర్గాన్ (γ = 1.667) తీసుకుని 1 నుంచి 2 లీటర్ల వ్యాకోచం చేయండి. స్థిరోష్ణకంలో 157.5 కిలోపాస్కల్‌లు, 190.9 కెల్విన్‌లు, 277.5 జౌల్‌లు రావాలి. సమోష్ణోగ్రత జవాబులు ఎందుకు మారలేదు?

3. ఆర్కే బీచ్ దగ్గర 30 డిగ్రీలున్న పొడి గాలి, 101.3 కిలోపాస్కల్‌ల నుంచి స్థిరోష్ణకంగా పైకి లేచి 91 కిలోపాస్కల్‌లకు చేరింది. అది ఇంచుమించు అరకు ఎత్తులో ఉండే పీడనం. T₂ = T₁ (P₂/P₁)^((γ−1)/γ) వాడండి. ఘాతాంకం 0.286, జవాబు సుమారు 21 డిగ్రీలు. ఆ గాలి తేమతో ఉండి దారిలోనే మేఘం కట్టి ఉంటే జవాబు ఇంతకంటే ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?