జీతంలో టీడీఎస్ లెక్క, మూడో పాఠం: ఏడాది మధ్యలో కంపెనీ మారితే

మొదటి పాఠంలో స్లాబులు, రెండో పాఠంలో నెలవారీ కోత చూశాం. ఈ పాఠానికి రెండో పాఠంలోని ఒక్క సూత్రం గుర్తుంటే చాలు:

```
ఈ నెల టీడీఎస్ = (ఏడాది మొత్తం పన్ను − ఇప్పటిదాకా కట్ అయినది) ÷ మిగిలిన నెలలు
```

"మిగిలిన నెలలు" అన్నప్పుడు ఈ నెలను కూడా కలుపుకోవాలి. ఇక్కడి అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి సంవత్సరాలకు సెక్షన్లు, ఫారాల నంబర్లు వేరుగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

బెంగళూరులో ఆర్నెల్లకో ఏడాదికో కంపెనీ మారేవాళ్లు మనలో చాలామంది. మారతహళ్లిలో పీజీలో ఉండే అనంతపురం అబ్బాయి ఒకడు ఉన్నాడనుకుందాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక కంపెనీలో నెలకు లక్ష రూపాయల గ్రాస్ జీతం. అక్టోబర్ 1న ఇంకో కంపెనీలో చేరాడు, అక్కడ నెలకు 1,30,000. జనవరిలో ఊరి అన్న ఒకాయన కలిస్తే సంతోషంగా చెప్పాడు: "అన్నా, అక్కడ ఆర్నెల్లూ ట్యాక్స్ కట్ కాలేదు, ఇక్కడా కట్ కావట్లేదు. పన్నెండు లక్షల దాకా పన్ను లేదు కదా, అందుకేనేమో."

ఆ అన్న అడగాల్సింది ఒక్కటే. "పాత కంపెనీ జీతం గురించి కొత్త కంపెనీలో చెప్పావా?"

చెప్పలేదు. ఇప్పుడు రెండు కంపెనీల పేరోల్‌లోనూ ఏం జరిగిందో చూద్దాం. పాత కంపెనీ ఏప్రిల్‌లో ఏడాది జీతాన్ని 12,00,000గా అంచనా వేసింది. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 11,25,000 మిగిలింది. పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఎ రిబేటు పన్నునంతా కొట్టేస్తుంది కాబట్టి కోత సున్నా. కొత్త కంపెనీకి కనిపించింది తను ఇచ్చే ఆరు నెలల జీతం 7,80,000 మాత్రమే. అందులోనూ 75,000 తీసేస్తే 7,05,000, దానికీ రిబేటు, మళ్లీ సున్నా. ఎవరికి తెలిసిన మేరకు వాళ్లు సరిగ్గానే లెక్కేశారు. కానీ ఒకే మనిషికి స్టాండర్డ్ డిడక్షన్ రెండుసార్లు, సున్నా పన్ను స్లాబు రెండుసార్లు, రిబేటు రెండుసార్లు వచ్చాయి. చట్టం ప్రకారం ఇవన్నీ మనిషికి ఏడాదికి ఒక్కసారే.

అసలు లెక్క ఇది. రెండు జీతాలూ కలిపితే 13,80,000. అందులోంచి 75,000 ఒక్కసారి తీసేస్తే 13,05,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, అంటే 20,000. 8 నుంచి 12 లక్షల దాకా 10 శాతం, 40,000. ఆ పైన ఉన్న 1,05,000కి 15 శాతం, 15,750. మొత్తం 75,750. దీనిపై 4 శాతం సెస్సు 3,030 కలిపితే 78,780. ఏడాదంతా పేస్లిప్‌లో సున్నా చూసిన అబ్బాయి కట్టాల్సిన పన్ను ఇది.

"పన్నెండు లక్షలు కాస్త దాటితే మార్జినల్ రిలీఫ్ ఉందంటారు కదా" అని మీకు అనుమానం రావచ్చు. ఉంది. సెస్సుకు ముందు వచ్చే పన్ను, 12 లక్షలు దాటిన మొత్తం కంటే ఎక్కువ కాకుండా అది చూస్తుంది. ఇక్కడ దాటింది 1,05,000, పన్ను 75,750 మాత్రమే, కాబట్టి రిలీఫ్ రాదు. పన్ను వేసే ఆదాయం సుమారు 12,70,500 దాటాక ఆ రిలీఫ్ గురించి ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు సూత్రంలో పెట్టండి. అక్టోబర్‌లో చేరినప్పుడే చెప్పి ఉంటే 78,780ని ఆరు నెలలకు పంచేవారు, నెలకు 13,130. జనవరిలో చెప్తే మూడు నెలలే మిగిలాయి, నెలకు 26,260. మార్చిలో చెప్తే 78,780 మొత్తం ఆ ఒక్క నెల జీతంలోంచే పోతుంది. పన్ను మారలేదు, పంచుకునే నెలలే తగ్గాయి. పీజీ అద్దె, ఇంటికి పంపే డబ్బు, ఈఎంఐ అన్నీ ఆ జీతం మీదే నడిచేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

చెప్పడమంటే హెచ్‌ఆర్‌కు నోటి మాట కాదు. ఫారం 12బి నింపి, పాత కంపెనీలో వచ్చిన జీతం, అక్కడ కట్ అయిన టీడీఎస్, పీఎఫ్ వివరాలు రాసి ఇవ్వాలి. అంకెలను ఆఫర్ లెటర్‌లోంచి తీసుకోకండి. అందులోని సీటీసీలో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసి ఉంటాయి, అవి నెలనెలా చేతికొచ్చే జీతం కావు. చివరి పేస్లిప్, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం దగ్గర పెట్టుకోండి. కొత్త విధానంలో మీ వాటా పీఎఫ్‌ను గానీ, కర్ణాటకలో నెలనెలా కట్ అయ్యే ప్రొఫెషనల్ ట్యాక్స్‌ను గానీ ఆదాయంలోంచి తీసేయకూడదు. సొంతంగా లెక్కేసేవాళ్ల అంకె పేరోల్ అంకెతో కలవకపోతే, చాలాసార్లు తేడా ఇక్కడే ఉంటుంది.

ఇచ్చిన ఫారం లెక్కలోకి ఎక్కిందో లేదో మరుసటి నెల చూసుకోవాలి. పేరోల్ పోర్టల్‌లో ట్యాక్స్ కంప్యూటేషన్ షీట్ తెరిస్తే పాత యజమాని జీతానికి విడిగా ఒక వరుస ఉంటుంది. మన ఉదాహరణలో అక్కడ 6,00,000 కనిపించాలి. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే 75,000 ఉండాలి. ఆ వరుసలో సున్నా ఉంటే మీ ఫారం ఎక్కనట్టే.

అసలు చెప్పకుండా ఊరుకుంటే? పాత జీతం చెప్పాల్సింది ఉద్యోగే, కాబట్టి కొత్త కంపెనీని తప్పుబట్టలేం. రిటర్న్ వేసేటప్పుడు రెండు ఫారం 16లూ ఒకచోట కలుస్తాయి, 78,780 బయటపడుతుంది. టీడీఎస్ పోను కట్టాల్సిన పన్ను 10,000 లేదా అంతకు మించి ఉంటే అది ముందస్తు పన్నుగా కట్టి ఉండాల్సింది. కట్టలేదు కాబట్టి సెక్షన్ 234బి కింద ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం వడ్డీ. జులైలో కడితే నాలుగు నెలలకు 3,148. వాయిదాలు తప్పినందుకు 234సి వడ్డీ దీనికి అదనం. ఫారం ఇచ్చే అవకాశం దాటిపోయినా మార్చి 31లోపు సొంతంగా ముందస్తు పన్ను కట్టేస్తే 234బి వడ్డీ పడదు.

అభ్యాసం. ఇదే అబ్బాయి అక్టోబర్‌లోనే ఫారం 12బి ఇచ్చాడు, ఆ నెల 13,130 కట్ అయింది. నవంబర్‌లో 50,000 జాయినింగ్ బోనస్ వచ్చింది. నవంబర్ కోత ఎంత? కాగితం మీద వేశాకే కిందికి చూడండి.

పన్ను వేసే ఆదాయం 13,55,000 అవుతుంది. పన్ను 83,250, సెస్సుతో 86,580. అందులో 13,130 పోయింది, మిగిలిన 73,450ని ఐదు నెలలకు పంచితే నెలకు 14,690. కొన్ని పేరోల్‌లు బోనస్‌పై వచ్చే 7,800 అదనపు పన్నును అదే నెలలో పట్టేస్తాయి. అప్పుడు నవంబర్‌లో 20,930 కట్ అయి, డిసెంబర్ నుంచి మళ్లీ 13,130కి వస్తుంది. రెండు దార్లలోనూ మార్చి చివరికి కట్ అయ్యేది 86,580. నాలుగో పాఠంలో ఇంటి అద్దె మినహాయింపు ఉన్న పాత విధానంలో ఇదే జీతాన్ని లెక్కేద్దాం. రెంట్ రసీదులు దగ్గర ఉంచుకోండి.