మాట కలిపే విద్య – 4వ పాఠం: ‘బాగున్నారా?’ అని అడిగితే

పోయిన పాఠంలో మనం పలకరించడం నేర్చుకున్నాం. ఈసారి మనల్ని పలకరిస్తే ఏం చెప్పాలో చూద్దాం.

‘బాగున్నారా?’ అనే మాటలో జవాబు కూడా ఇమిడి ఉంది. ‘ఆఁ, బాగున్నాం’ అనేస్తే సంభాషణ అక్కడితో సరి. ‘ఏంటి విశేషాలు?’ అంటే ‘ఏమున్నాయి, మీరే చెప్పాలి’ అంటాం. అప్పుడు బరువంతా అడిగినవాళ్ల మీదే పడుతుంది.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ‘బాగున్నానండీ’ అన్నాక, ఈ రెండు మూడు రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి ఒక్క వాక్యంలో కలపండి. ‘నిన్ననే ఆవకాయ కలిపాం, ఇంకా చేతులు మండుతున్నాయి’ అన్నారనుకోండి. ‘ఏ కాయ తెచ్చారు? కొత్తపల్లి కొబ్బరా?’ అని అవతలివాళ్లు అందుకుంటారు. వాళ్లకూ ఆవకాయ గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా! అదే ‘కొత్త కారు కొన్నాం’ అంటే ‘శుభం’ అనడం తప్ప వాళ్లకు పెద్దగా పనుండదు. ఎదుటివాళ్లు కూడా ఒక మాట వేయగలిగే సంగతినే ఎంచుకోండి.

మరి నిజంగా బాగాలేనప్పుడు? ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. నాన్న పక్షవాతంతో ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఒక పెళ్లికి వెళ్లాను. బఫే వరసలో పిన్ని కనబడి ‘బాగున్నావురా? బావగారు కులాసానా?’ అంది. నేను ఐసీయూ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. వెనకవాళ్లు తోసుకొస్తున్నారు. పిన్ని చేతిలో ప్లేటు, కళ్లలో నీళ్లు. ముందుకు కదలాలో, నిలబడాలో ఆమెకు తెలియలేదు. అబద్ధం చెప్పాల్సిందని కాదు. ‘నాన్నకి ఒంట్లో బాగాలేదు పిన్నీ, ఆస్పత్రిలో ఉన్నారు. భోజనాలయ్యాక చెప్తాను’ అంటే చాలేది. నిజమూ దాచినట్టు కాదు, ఆమెకూ ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది.

భోజనాలయ్యాక పిన్నే నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, ‘బావగారికి మాట వస్తోందా?’ అని అడిగింది. నేను చూడమనే గుర్తు ఇదే. మొదటి ప్రశ్న చాలాసార్లు పలకరింపు. ఆగి, కూర్చుని, ఫలానాదని అడిగే రెండో ప్రశ్న నిజమైనది. దానికి మనసు విప్పవచ్చు. ‘ఇంకా?’ అన్నది మాత్రం రెండో ప్రశ్న కిందకి రాదు, అది ఎక్కువగా వెళ్లొస్తామనడానికి ముందుమాట.

లిఫ్టులోనో, ఆఫీసులో పదిమంది మధ్యనో అడిగితే ‘పర్వాలేదండీ’ అనండి. అది అబద్ధం కాదు. మిమ్మల్ని ఎరిగినవాళ్లకు ఆ గొంతులో తేడా తెలుస్తుంది, తర్వాత ఫోన్ చేస్తారు.

ఈ వారం అభ్యాసం: రోజూ పొద్దున ఒక సంగతి సిద్ధం చేసుకోండి. అది చెప్పాక అవతలివాళ్లు ఏం అడిగారో రాత్రి రాసుకోండి. ‘అవునా’తో ఆగిపోయిన రోజుల్లో ఏ సంగతి చెప్పారో ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటినే సరిదిద్దుదాం.