పంటి కిరీటం డై మీద కూర్చోకపోతే: ఎండాకాలంలో నేను సరిచేసిన తీరు

పంటికి తొడిగే నికెల్-క్రోమియం క్యాపు, పంటి నమూనా అయిన డై మీద అర మిల్లీమీటరు పైనే ఆగిపోతోంది. గ్రైండర్ పట్టే ముందు క్యాపు లోపలికి లెన్సుతో చూడండి. ఆవగింజలో సగమంత గుండ్రటి లోహపు బొడిపె కనిపిస్తే అది అచ్చులో చిక్కిన గాలిబుడగ గుర్తు. చిన్న రౌండ్ బర్‌తో తీసేస్తే క్యాపు దిగిపోతుంది. బొడిపె లేకుండా చుట్టూ గోడలన్నీ బిగుతుగా ఉంటే మాత్రం అచ్చు పోసే పదార్థమైన ఇన్వెస్ట్‌మెంట్ చాలినంత వ్యాకోచించలేదు. ఈ లోహం చల్లారేటప్పుడు సుమారు 2 శాతానికి పైగా కుంచించుకుపోతుంది, ఆ లోటును అచ్చే పూడ్చాలి.

ఫాస్ఫేట్ ఇన్వెస్ట్‌మెంట్‌లో ఆ వ్యాకోచాన్ని నడిపేది పొడితో పాటు వచ్చే స్పెషల్ లిక్విడ్. నేను వాడే పొడికి 100 గ్రాములకు మొత్తం 24 మి.లీ. ద్రవం. సగం లిక్విడ్, సగం నీళ్లు కలిపినప్పుడు క్యాపు బిగిసింది. 16 మి.లీ. లిక్విడ్, 8 మి.లీ. నీళ్లు చేశాక సాఫీగా దిగింది. మొత్తం ద్రవం మాత్రం మార్చకూడదు. మీ పొడి వేరైతే దాని ప్యాకెట్ కొలతే పట్టుకోండి. లిక్విడ్ పాలు ఒక్కసారిగా పెంచితే క్యాపు వదులై ఊగుతుంది.

కర్నూలు ఎండల్లో ఇంకో చిక్కుంది. గది వేడికి మిశ్రమం త్వరగా గట్టిపడి, బుడగలు బయటికి రాకముందే బిగుసుకుంటుంది. అందుకే పొడినీ లిక్విడ్‌నూ చల్లటి చోట ఉంచి, 20 నుంచి 22 డిగ్రీల దగ్గర కలపాలి. లిక్విడ్‌ను ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే పాడైపోతుంది. అచ్చు పోసే రింగ్ లోపల మెత్తటి లైనర్ వేయడం మరిచినా వ్యాకోచానికి చోటు దొరకదు, క్యాపు మళ్లీ బిగుస్తుంది.