సమూహ సంభాషణను చదవడం – మూడవ పాఠం: పిలుపు తప్పిపోయిన చోటు

గత పాఠంలో, వాట్సాప్ గ్రూపులో మనం పంపిన సందేశాన్ని నొక్కి పట్టి Info తెరిస్తే అది ఎవరికి చేరిందో, ఎవరు చదివారో, ఏ సమయానికి చదివారో తెలుస్తుందని చూశాం. నీలి టిక్కులను ఆపివేసుకున్నవారు చదివినా అక్కడ కనబడుతుందని, ఆ సెట్టింగు గ్రూపులకు వర్తించదని కూడా చెప్పుకున్నాం. ఈ పాఠంలో మరికొంత కష్టమైన పని నేర్చుకుందాం. గ్రూపులో ఉన్న ఒక మనిషిని ఎవరూ తీసివేయకుండానే, ఒక్క కటువైన మాట కూడా అనకుండానే, కార్యక్రమాల నుండి ఆమె ఎలా జారిపోతుందో రాతలోని ఆనవాళ్ళను బట్టి గుర్తించాలి.

ఇందుకు నేను ఎంచుకున్నది మా కుటుంబపు గ్రూపు. మా అమ్మ, పెద్దమ్మ, పిన్ని కన్న ఆడపిల్లలం ఆరుగురం అందులో ఉన్నాం. పెద్దమ్మకు ఇద్దరు, మా అమ్మకు ముగ్గురు, పిన్నికి ఒక్కతే. తప్పిపోయినది ఆ ఒక్కతే. తప్పించినవారిలో నేనూ ఉన్నాను. ఆ సంభాషణను ఇక్కడ పెట్టడానికి ఆమె అనుమతి తీసుకున్నాను.

కార్తీక మాసంలో ఒక మంగళవారం రాత్రి 9:10కి పెద్దక్క ఇలా రాసింది: "మరి ఆదివారం పులిహోర ఎవరు చేస్తున్నారు?" నాలుగు నిమిషాలకు నేను జవాబిచ్చాను: "నేను చేస్తా. గుత్తివంకాయ చిన్నక్క చేస్తానంది కదా." మరో ఇద్దరు పెరుగు గురించి, విస్తరాకుల గురించి రాశారు. 9:40కి పిన్ని కూతురు అడిగింది: "ఏం ఉందక్కా ఆదివారం?" ఆ తరువాత గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. మరునాడు ఉదయం ఒకరు శుభోదయం బొమ్మ పెట్టారు. 8:45కి పెద్దక్క రాసింది: "ఏం లేదే, చేవెళ్ళ తోటకి అనుకుంటున్నాం. నీకు ఆదివారం పిల్లాడి ట్యూషన్ కదా." రెండు నిమిషాల్లో ఆమె నుండి జవాబు వచ్చింది: "అవునక్కా. బాగా ఎంజాయ్ చేయండి." పక్కన ఒక గుండె బొమ్మ.

పైపైన చదివితే ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ కనబడదు. ఆమె అడిగింది, పెద్దక్క చెప్పింది, ఆమె రాలేనన్నది. నెల తరువాత మా అమ్మ అడిగినప్పుడు మేమందరం "తనే రానంది" అని చెప్పాం, నమ్మి చెప్పాం కూడా. కాబట్టి నిదానంగా, మాట మాటా పట్టుకొని మళ్ళీ చదవాలి.

మొదట చూడవలసినది, సంభాషణలో కార్యక్రమం ఏ దశలో కనబడిందన్నది. ఎక్కడికైనా వెళ్ళాలనుకునేవారు ముందు "ఈసారి వనభోజనాలు పెట్టుకుందామా?" అని అడుగుతారు, తరువాత రోజు, చోటు, ఆ తరువాత వంటలు నిర్ణయించుకుంటారు. ఇక్కడ మొదటి సందేశమే పులిహోర దగ్గర మొదలయింది. దాని ముందున్న "మరి" అన్న మాట అప్పటికే సాగుతున్న మాటను కొనసాగిస్తుంది. నా వాక్యంలోని "కదా" వినేవారికి ముందే తెలిసిన విషయాన్ని గుర్తుచేస్తుంది. గ్రూపులో పైకి ఎంత జరిపి చూసినా, శోధనలో "చేవెళ్ళ", "తోట", "కార్తీక", "వంకాయ" అని వెతికినా, చిన్నక్క వంకాయ చేస్తానన్న సందేశం దొరకదు. దొరకనప్పుడు ఆ మాట మరెక్కడో జరిగిందని అర్థం. "మరి", "కదా", "అదే టైమా", "ఆరింటికేగా" వంటి మాటలకు గ్రూపులో మూలం కనబడకపోతే, వాటిని గుర్తు పెట్టుకోండి. తెలుగు సంభాషణలో పక్కదారిని పట్టిచ్చేవి ఎక్కువగా ఈ చిన్న మాటలే.

రెండవది "మనం", "మేము" అన్న తేడా. వినేవారిని కలుపుకునే మాటను, విడిగా ఉంచే మాటను మన భాష వేరువేరుగా దాచుకుంది. అయితే చాట్‌లో మనం కర్తను రాయడం మానేస్తాం, క్రియ చివర రెండింటికీ ఒకటే: అనుకుంటున్నాం, వెళ్తున్నాం, వచ్చేశాం. తప్పించడం ఈ లోపంలో సులువుగా దాగుతుంది. అందుకే కర్తను తిరిగి పెట్టి చదవాలి. "మనం చేవెళ్ళ తోటకి అనుకుంటున్నాం. నీకు ట్యూషన్ కదా" అని చదివి చూడండి, రెండవ వాక్యం మొదటిదానితో అతకదు. "మేము చేవెళ్ళ తోటకి అనుకుంటున్నాం" అని చదవండి, రెండూ సాఫీగా కలుస్తాయి. పెద్దక్క రాయని ఆ "మేము" ఆమెకు వినబడింది, అందుకే రెండు నిమిషాల్లో పక్కకు తప్పుకుంది. పరీక్షగా "దాం" అన్న క్రియారూపాన్ని కూడా వెతకండి. వెళ్దాం, చేద్దాం, కలుద్దాం అన్నవి వినేవారిని కలుపుకోకుండా అనలేని మాటలు. ఆ వారమంతటిలో ఆమెను ఉద్దేశించిన సందేశాల్లో "దాం" ఒక్కసారీ లేదు.

"అనుకుంటున్నాం" అన్నదానిలో మరొకటి ఉంది. ఇంకా తేలని విషయాన్ని అలా చెబుతాం. అప్పటికి విస్తరాకుల లెక్క కూడా తేలిపోయింది. ఒకే విషయం లోపలివారికి ఖాయంగా, అడిగినవారికి అస్పష్టంగా చెప్పబడితే, ఆ రెండు సందేశాలనూ పక్కపక్కన రాసుకోండి.

మూడవది, రాలేకపోవడానికి కారణం ఎవరు చెప్పారన్నది. ట్యూషన్ సంగతి ఆమె ఎత్తలేదు, పెద్దక్క ఎత్తింది. ఇతరులు మన తరఫున సాకును తెచ్చి "కదా" అని చేతికి అందిస్తే, "కాదు, వస్తాను" అని రాయడానికి చాలా ధైర్యం కావాలి. పిలవని పేరంటానికి తనంతట తాను వస్తాననడం మన ఇళ్ళలో పెరిగిన ఏ ఆడపిల్లకూ సులువు కాదు. అయితే కారణం నిజమైనదే కావచ్చు కదా అని మీరు అడగవచ్చు. దానిని తేల్చడానికి ఆమెను మరొక సభ్యురాలితో పోల్చాలి. చిన్నక్కది ఘట్‌కేసర్, ఆ వారం ఆమె భర్త ఊళ్ళో లేరు, కారు లేదు. ఆమెకు పెద్దక్క రాసిన మాట ఇది: "నువ్వు రాకపోతే ఎలా? ఉప్పల్‌లో ఎక్కించుకుంటాం." పిన్ని కూతురిది సంగారెడ్డి, చేవెళ్ళకు ఘట్‌కేసర్ కంటే బాగా దగ్గర. చిన్నక్క ఇబ్బందికి అందరం దారి వెతికాం. ఈమె ఇబ్బంది దగ్గర ఆగిపోయాం, ట్యూషన్ ఎన్నింటికని కూడా అడగలేదు. ఆనవాళ్ళలో నేను అన్నింటికంటే నమ్మేది ఈ పోలికనే.

ఇంతటితో తీర్పు చెప్పకూడదు. ఒక్క సంఘటన దేనినీ నిరూపించదు. ఎవరి ఇంట్లోనో మాటల మధ్య కార్యక్రమం పుట్టి ఉండవచ్చు, ఫోనులో అనుకుని ఉండవచ్చు, ఆ రోజు ఆమె సందేశం ఫొటోల కింద మునిగిపోయి ఉండవచ్చు. అందుకని గ్రూపులోని మూడు చుక్కల మీద నొక్కి, More లోపల Export chat ఎంచుకొని, ఫొటోలు లేకుండా రాతను మాత్రమే ఒక ఫైలుగా తీసుకొని, కనీసం నాలుగైదు కార్యక్రమాలను వరుసగా చూడాలి. ఒక్కొక్కదానికి మూడు సంగతులు రాసుకుంటే చాలు: మొదటి మాట గ్రూపులో పడిందా, ఆమె అడిగితే ఎంతసేపటికి జవాబు వచ్చింది, అదే వారం మరొకరు అడిగితే ఎంతసేపటికి వచ్చింది. మాకు ఏడాదిలో ఐదు కార్యక్రమాలు దొరికాయి. వాటిలో రెండు పెళ్ళి ఇంట్లో అనుకున్నవి, ఆమె అక్కడ లేదు, వాటిని పక్కన పెట్టాను. మిగిలిన మూడింటిలోనూ మొదటి మాట గ్రూపులో లేదు. మూడుసార్లూ ఆమె అడిగింది. అన్నింటిలో త్వరగా వచ్చిన జవాబుకు ఏడు గంటలు పట్టింది. మిగతావారు అడిగినదానికి పది నిమిషాలు దాటలేదు.

మూలం ఎక్కడుందో నాకు ఫైలు చూడకముందే తెలిసి ఉండవలసింది. అంతకు ముందటి ఏడు ఆమె నలభయ్యవ పుట్టినరోజుకు చెప్పకుండా చీర కొనాలని, ఆమె లేకుండా ఐదుగురం మరో గ్రూపు పెట్టుకున్నాం. చీర ఇచ్చాం, ఆమె సంతోషించింది, ఆ గ్రూపును మాత్రం ఎవరూ మూయలేదు. ఫోనులో అదే పైన ఉండడంతో తరువాతి మాటలన్నీ అందులోనే పడ్డాయి. పులిహోర ప్రశ్నను పెద్దక్క పొరపాటున ఆరుగురి గ్రూపులో వేసింది, పైన ఏ పేరుందో చూడకుండా నేను జవాబిచ్చాను. ప్రేమతో పెట్టుకున్న గ్రూపే ఆమెను బయట నిలబెట్టింది. అలా అని మా బాధ్యత తగ్గదు. 9:40 నాటి ఆమె ప్రశ్నను ఐదుగురం చూశాం. రాత్రంతా ఎవరమూ జవాబివ్వకపోవడానికి ఆ గ్రూపు కారణం కాదు.

ఇక్కడ పరిశోధన నుండి ఒక్క విషయం చెప్పుకోవాలి. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. కంప్యూటరు తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట అది. కొంతసేపటికి మిగతా ఇద్దరూ ఒకరికి బంతి వేయడం మానేస్తారు. ఆ కొద్ది నిమిషాలకే ఆ మనిషి తాను ఈ గుంపుకు చెందనన్న భావనలో పడతాడు. సైబర్‌బాల్ అని పేరుపడిన ఆ ఆటతోనే 2004లో వచ్చిన మరో అధ్యయనంలో, బంతి విసిరేది మనుషులు కారు, కంప్యూటరేనని ముందే చెప్పినా ఆ బాధ తగ్గలేదు. దీని నుండి మన పనికి రెండు సంగతులు దొరుకుతాయి. తప్పించినవారికి ఉద్దేశం లేకపోయినా బాధ నిజమే. అదే విధంగా, బాధ కలిగినంత మాత్రాన ఉద్దేశం ఉందని అనలేం. సంభాషణలో ఏం జరిగిందో రాత చూపుతుంది. ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే మనిషినే అడగాలి. ఎలా అడగాలన్నది నాలుగవ పాఠం.

అప్పటిలోగా ఈ అభ్యాసం చేయండి. ఏడుగురు సహోద్యోగులున్న గ్రూపులో ఈ నాలుగు సందేశాలు వచ్చాయి.

"టికెట్లు ఆరే దొరికాయి."
"సరిపోతాయిలే."
"శుక్రవారం ఆఫీసు నుంచే వెళ్తున్నాం కదా?"
"అవును, ఆయనకు ఎలాగూ సినిమాలు పెద్దగా పడవు."

ఏ మాటకు మూలం గ్రూపులో ఉండాలో, మూడవ సందేశంలో కర్త ఏదో, కారణం ఎవరు చెప్పారో రాయండి. ఏడవ వ్యక్తి గ్రూపులో ఉండి ఈ నాలుగింటినీ చదువుతున్నాడని గుర్తుంచుకొని, రెండవ సందేశం స్థానంలో మీరైతే ఏం రాసేవారో కూడా ఒక వాక్యంలో రాయండి. వచ్చే పాఠం ఆ వాక్యం నుండే మొదలవుతుంది.