ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చినా ఫ్యాటీ లివర్ ఎందుకు ముదురుతుంది?

రాయగడ, గుణుపురం వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: "తిన్నది అరగడం లేదు డాక్టరుగారూ, పొట్ట పెరుగుతోంది, స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు."

కడుపుబ్బరం, పుల్లతేన్పులు

కొవ్వు పట్టిన లివర్ మామూలుగా ఏ బాధా పెట్టదు. రాత్రి పది దాటాక తిని వెంటనే పడుకోవడం, పెరిగిన పొట్ట లోపల ఒత్తిడి పెంచడం, ఉబ్బరానికీ తేన్పులకీ ఈ రెండే ఎక్కువగా కనిపించే కారణాలు. తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచండి. అదే స్కాన్ రిపోర్టులో గాల్‌బ్లాడర్ రాళ్ల సంగతి ఏం రాశారో చదవండి. గ్యాస్ మాత్రలు మింగుతూ ఆ ఒక్క లైను చూడనివాళ్లు ఎందరో.

నూనె మానేసినా బరువు తగ్గదు

ముందు టీలు లెక్కపెట్టండి. గుణుపురంలో కిరాణా కొట్టు నడిపే ఒకాయన నూనె సగానికి తగ్గించి, గుడ్డు కూడా మానేశాడు. కొట్టులో కూర్చుని రోజుకి ఎనిమిది టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. అంటే సుమారు 80 గ్రాములు. లివర్‌లో కొవ్వుగా మారేది నూనె ఒక్కటే కాదు, ఈ పంచదార, గుట్టగా పెట్టుకున్న అన్నం కూడా. టీలు రెండుకి తగ్గించి, అన్నం ఒక కప్పుకి కుదించి, పప్పు, కూర పెంచమన్నాను. చోడి అంబలి మంచిదే, బెల్లం వేయకపోతేనే. రోజుకి అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు వేగంగా నడవాలి. బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు కరుగుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది. ఉపవాసాలతో ఒక్కసారిగా తగ్గితే లివర్ ఇంకా దెబ్బతినవచ్చు.

"రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇక పరీక్షలెందుకు?"

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అదే కొట్టు ఆయనకి 52 ఏళ్లప్పుడు స్కాన్‌లో కొవ్వు గ్రేడ్ 2, రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ 64. రెండేళ్ల తర్వాత గ్రేడ్ 1, ఎస్‌జీపీటీ 36. బరువు మాత్రం 84 కిలోలు, తగ్గలేదు. ఆయన సంతోషించాడు, నేనూ సరే అన్నాను. అలా అనకూడదు. ఎస్‌జీపీటీ చెప్పేది ఆ రోజు లివర్ కణాలు ఎంత దెబ్బతింటున్నాయో. లోపల గట్టిపడిన మచ్చ ఎంతుందో అది చెప్పదు. మామూలు స్కాన్‌లోనూ ఆ మచ్చ తొలిదశలో కనపడదు. పైగా మచ్చ బాగా పెరిగాక కొవ్వు తగ్గి, గ్రేడ్ దిగినట్టు అనిపిస్తుంది.

అందుకే వయసు, ఎస్‌జీపీటీ, దాని జోడీ ఎంజైమ్ ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలతో మచ్చని అంచనా వేసే ఈ లెక్క వేయాలి:

```
FIB-4 = (వయసు × SGOT) ÷ (ప్లేట్‌లెట్లు × √SGPT)
```

రిపోర్టులో ప్లేట్‌లెట్లు 1.5 లక్షలు అని ఉంటే లెక్కలో 150 వేయాలి. ఆయనకి మొదటిసారి వయసు 52, ఎస్‌జీఓటీ 44, ప్లేట్‌లెట్లు 220, ఎస్‌జీపీటీ 64. ఫలితం 1.3. రెండేళ్ల తర్వాత 54, 48, 150, 36. ఫలితం 2.88. నార్మల్ అని నేను పంపేసిన రిపోర్టు ఇదే.

1.3 లోపు ఉంటే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్లకి ఆ హద్దు 2. అంతకు మించితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి, 2.67 దాటితే లివర్ స్పెషలిస్టు దగ్గరికి ఆలస్యం లేకుండా వెళ్లాలి. 35 ఏళ్ల లోపు వాళ్లకి ఈ లెక్క నమ్మకంగా పనిచేయదు. మన వైపు ఇంకో చిక్కుంది. మలేరియా, డెంగీ జ్వరాల్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, లెక్క తప్పుగా ఎక్కువ వస్తుంది. జ్వరం తగ్గాక నెలైనా ఆగి రక్తం ఇవ్వండి.

కొట్టు ఆయనకి విశాఖలో ఫైబ్రోస్కాన్ చేయిస్తే 13 కిలోపాస్కల్ వచ్చింది. బాగా ముదిరిన మచ్చ ఉండే స్థాయి అది. స్పెషలిస్టు ఆరు నెలలకోసారి స్కాన్ పెట్టారు.

మిగతావి

మందు తాగడం ఉంటే దాచకండి. హెపటైటిస్ బి, సి, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి, షుగర్ మాత్రం అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండాలి, అది ఉంటే లివర్ లెక్క ఏటా వేయించండి. లివర్‌లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు లాంటివి అరుదు, వాటి గురించి టెన్షన్ వద్దు.

కొట్టు ఆయన పది నెలల్లో 84 నుంచి 77కి వచ్చాడు. ఇప్పుడు రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్‌లో పెట్టుకుని, ప్లేట్‌లెట్ల లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకుని తెస్తున్నాడు. మొన్న తెచ్చిన దాంట్లో 165.